షూటింగ్‌కి ముందు నాలుగు సాయంత్రాలే ఉన్నాయి, కొత్త నటులతో ఇంప్రొవైజేషన్ ఎలా చేయించాలి?

కిమిడి కెమెరా (పర్లాకిమిడి) · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. 14 నిమిషాల షార్ట్‌ఫిల్మ్ ఒకటి తీస్తున్నాం. వచ్చే శని, ఆదివారాలు షూటింగ్. రేపటి నుంచి శుక్రవారం దాకా రోజూ సాయంత్రం రెండు గంటలు రిహార్సల్‌కి స్కూలు వరండా ఇచ్చారు.

కథంతా ఒక సీన్ మీదే నిలబడి ఉంది. నాన్న సైకిల్ పంక్చర్ షాపు నడుపుతుంటాడు. విశాఖలో ఉద్యోగం చేసే కూతురు, ఇల్లు అమ్మడానికి సంతకం పెట్టించుకుందామని వస్తుంది. నాన్న అప్పటికే ఆ ఇంటి మీద ఒకరి దగ్గర అడ్వాన్సు తీసేసుకున్నాడు. కూతురికి ఆ సంగతి తెలీదు. సీన్ అయిపోయే దాకా ఇద్దరూ అసలు విషయం బయటపెట్టరు.

నాన్న వేషం వేస్తున్న మాస్టారు ముప్పయ్యేళ్లు పద్యనాటకాలు ఆడినాయన. గొంతు మైకు లేకుండా పాతపట్నం దాకా వినిపిస్తుంది. మూడో డైలాగుకే కళ్లలో నీళ్లు తెచ్చేస్తున్నారు. కూతురు వేషం వేసే అమ్మాయికి కెమెరా ముందుకు రావడం ఇదే మొదలు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ బొమ్మలా నిలబడి తన వంతు కోసం కాచుకుంటుంది.

నిన్న, 'స్క్రిప్టు పక్కన పెట్టి మీ సొంత మాటల్లో చేయండి' అన్నాను. ఇరవై నిమిషాలు పోట్లాడుకున్నారు. ఆ అమ్మాయి మూడో నిమిషంలోనే 'ఆ అడ్వాన్సు సంగతి నాకు తెలుసు నాన్నా' అనేసింది. సీన్ కాస్తా అక్కడే చచ్చిపోయింది. నేను ఎక్కడ తప్పు చేశాను?

గుణుపూర్ గుంటడు · సోమవారం, రాత్రి 10:05

అన్నా, రిహార్సల్ మానెయ్. కొత్తవాళ్లని ఎక్కువ తోమితే ఉన్న ఫ్రెష్‌నెస్ కూడా పోతుంది. నేను మా కాలేజీ వీడియోకి నేరుగా కెమెరా పెట్టేసాను, బాగా వచ్చింది.

సిరొంచ నాటకం (గడ్చిరోలి జిల్లా) · సోమవారం, రాత్రి 10:30

డైలాగులు కంఠస్థం కావడం లేదంటే మా పద్ధతి చెప్తాను. మా వైపు ఝాడీపట్టీ నాటకాల్లో తెర వెనక ప్రాంప్టర్ కూర్చుంటాడు. ముందు మాట అతను అందిస్తాడు, నటుడు ఎత్తుకుంటాడు. మీ షూటింగులో కూడా కెమెరా పక్కన ఒకడిని కూర్చోబెట్టండి. డైలాగు మర్చిపోతారన్న టెన్షన్ ఉండదు.

కిమిడి కెమెరా · సోమవారం, రాత్రి 10:42

మర్చిపోవడం కాదండి మా కష్టం. మాస్టారికి మొత్తం నోటికి వచ్చు. ఆ అమ్మాయి డైలాగులు కూడా వచ్చు.

రాయగడ రంగమ్మత్త · సోమవారం, రాత్రి 11:20

తమ్ముడూ, నువ్వు చేసిన తప్పు ఒకటే. సీన్‌నే ఇంప్రొవైజ్ చేయించావు. సీన్‌లో దాచిపెట్టాల్సిన రహస్యం ఉన్నప్పుడు ఆ సీన్‌ని ముందే వదులుగా ఆడించకూడదు. సొంత మాటల్లో చేయమనగానే కొత్తవాళ్లు కథని ముందుకు తోసేస్తారు. మౌనానికి భయపడి చేతిలో ఉన్న పెద్ద ముక్క ముందు పడేస్తారు. ఇంకో సంగతి, ఆ అమ్మాయికి తెలియకూడని విషయం ఆమెకెలా తెలిసింది? మొత్తం స్క్రిప్టు చదివింది కాబట్టి. అది ఆమె తప్పు కాదు.

నేను పాతికేళ్లుగా నాటకాల వర్క్‌షాపులు, ఈమధ్య చిన్న సినిమాలకు రిహార్సల్స్ చేయిస్తున్నాను. నా అలవాటు ఏమిటంటే, తెర మీద కనబడే సీన్‌ని దాచి ఉంచి, దానికి ముందు జరిగినవి ఆడిస్తాను. ప్రేక్షకుడు ఎప్పటికీ చూడనివి. ఆమె ఉద్యోగానికి వెళ్లిపోయిన రోజు బస్టాండులో ఏం జరిగింది? ఫోను చేస్తే నాన్న ఎత్తని రాత్రి ఆమె ఏం చేసింది? నాన్న అడ్వాన్సు చేతిలోకి తీసుకున్న పది నిమిషాలు ఎలా గడిచాయి? ఇవి ఒక్కసారి ఒళ్లుతో ఆడితే చాలు. ఆ తర్వాత స్క్రిప్టులో 'బస్సు కదిలేటప్పుడు కూడా నువ్వు ఆగమనలేదు' లాంటి డైలాగు వచ్చినప్పుడు ఆమె ముఖంలో నటించాల్సిన పని ఉండదు. ఆ బస్టాండు ఆమె చూసి వచ్చింది.

అడ్వాన్సు సన్నివేశం ఆడేటప్పుడు ఆ అమ్మాయిని గదిలో ఉంచకు. టీ తాగి రమ్మని పంపు. ఎంత తీసుకున్నాడో, ఎందుకు తీసుకున్నాడో మాస్టారికి, కొన్నవాడి వేషం కట్టినవాడికి, నీకు మాత్రమే తెలియాలి. స్క్రిప్టులో అడ్వాన్సు ఉందని ఆమెకు తెలుసు, పోనీ. ఎందుకన్నది మాత్రం తెలియకుండా ఉంటే ఆమె కళ్లు వెతుకుతాయి.

జయపురం టీచరమ్మ · మంగళవారం, ఉదయం 6:50

మేము స్కూలు పిల్లలతో నాటకం వేసినప్పుడు, ఏడవాల్సిన చోట 'మీ ఇంట్లో చనిపోయినవాళ్లని తలుచుకోండి' అనేవాళ్లం. భలే వచ్చేది. స్టానిస్లావ్‌స్కీ పద్ధతి కూడా అదే కదా? మాస్టారికి, ఆ అమ్మాయికి కూడా అలా చెప్పి చూడండి.

రాయగడ రంగమ్మత్త · మంగళవారం, ఉదయం 7:30

టీచరమ్మా, సగం నిజం. ఆ రష్యన్ దర్శకుడు మొదట్లో జ్ఞాపకాల మీద చాలా పని చేశాడు. 1930ల నాటికి చేసే పని మీదకు, అంటే ఒంటితో చేసే చర్యల మీదకు వచ్చాడు. కారణం మనకూ అనుభవమే. సొంత దుఃఖం తలుచుకుంటే మొదటి టేక్‌కి కన్నీళ్లొస్తాయి, ఆరో టేక్‌కి రావు. పైగా ఆ మనిషి తన లోపలికి చూసుకుంటాడే గాని ఎదుటివాడిని చూడడు. షూటింగ్‌లో ఒక్క సీన్ వైడ్, రెండు క్లోజప్‌లు కలిపి పన్నెండు పదిహేను సార్లు చేయాలి. పోయినవాళ్లని పదిహేను సార్లు పిలవకూడదమ్మా. పిల్లలతో అయితే అసలొద్దు.

తమ్ముడూ, ఇవాళ మొదటి సాయంత్రం స్క్రిప్టు ఇంటి దగ్గరే వదిలెయ్. నిజం ట్యూబు, నీళ్ల తొట్టి, ఉప్పుకాగితం, సొల్యూషన్, ప్యాచ్ తెప్పించు. మాస్టారు నిజంగా పంక్చర్ వేయాలి. వేయడం రాకపోతే నేర్చుకోనీ. ఆ అమ్మాయి వచ్చి నిలబడాలి. పది నిమిషాలు మాటలు లేవు. ఆయన పని, కస్టమరు తిరిగొచ్చే లోపు ట్యూబు అయిపోవాలి. ఆమె పని, ఆయన చేతులు ఆగేలా చేయాలి. ముట్టుకోకూడదు, మాట్లాడకూడదు. 'బాధగా ఉండు', 'కోపంగా చూడు' అని ఒక్కసారి కూడా అనకు. భావం అడిగితే మాస్టారు భావం ఇస్తారు, ముప్పయ్యేళ్ల స్టాకుంది.

గుణుపూర్ గుంటడు · మంగళవారం, ఉదయం 9:15

అత్తా, పంక్చర్ వెయ్యడం నేర్చుకోవడానికి ఒక రోజు పోతే ఇంక యాక్టింగ్ ఎప్పుడు?

రాయగడ రంగమ్మత్త · మంగళవారం, ఉదయం 9:40

అదే యాక్టింగ్ నాయనా.

కిమిడి కెమెరా · మంగళవారం, రాత్రి 9:55

ఈరోజు సంగతి చెప్తాను. మొదటి నాలుగు నిమిషాలు నరకం. మాస్టారు ట్యూబు పట్టుకుని శోకంగా నిట్టూర్చారు, ఆ అమ్మాయి నాకేసి చూసింది. ఆపకుండా ఉండడం నాకే కష్టమైంది. తర్వాత ట్యూబుని నీళ్లలో ముంచి బుడగలు వెతకడంలో ఆయన పడిపోయారు. నిజంగా చిల్లు దొరకలేదు, చాలా సన్నది. ఆ అమ్మాయి కూడా వంగి చూసింది. చిల్లు ముందు ఆమెకే కనిపించింది. వేలు పెట్టి చూపించింది. ఆయన తలెత్తి చూశారు. అంతే, నాకు ఒళ్లు జల్లుమంది. స్క్రిప్టులో నేను పేజీన్నర రాసింది అక్కడ ఉంది.

ఇంకొకటి. సొల్యూషన్ రాసిన తర్వాత ఆరడానికి రెండు మూడు నిమిషాలు ఆగాలి. అప్పుడు ఆయన చేతులకి పని లేదు. ఇద్దరికీ తప్పించుకునే దారి లేదు. అప్పటి మౌనం వేరేగా ఉంది.

రాయగడ రంగమ్మత్త · మంగళవారం, రాత్రి 10:20

సంతకం మాట ఆ సొల్యూషన్ ఆరే సమయంలో పెట్టు. స్క్రిప్టులో ఇప్పుడెక్కడుందో గాని అక్కడికి జరుపు.

నిన్ను చూసిందన్నావు. రేపు కూడా చూస్తుంది. ఆపకు, పక్కనుంచి ఒక్క మాట వెయ్యి. 'చేతులు' అనో, 'ఆయన్నే' అనో. వయొలా స్పోలిన్ అనే ఆవిడ అమెరికాలో పిల్లలతో పని చేస్తూ ఈ అలవాటు పెంచింది. ఆట ఆగదు, ఆటగాడు దారిలోకి వస్తాడు. మాట పొడుగైతే మాత్రం నువ్వే సీన్‌లోకి వచ్చేస్తావు, జాగ్రత్త.

రేపు ముందు సంఘటనలు మూడు ఆడించు. ఒక్కోటి ఎనిమిది, పది నిమిషాలు మించొద్దు. ఆట చచ్చిపోతోందని తెలుసుకోవడానికి ఒక గుర్తు చెప్తాను. ఇద్దరికీ తెలిసిన సంగతిని ఒకరికొకరు చెప్పుకోవడం మొదలెడతారు. 'నీకు తెలుసు కదా నాన్నా, అమ్మ పోయి రెండేళ్లయింది' అన్నారంటే వాళ్లు ఎదుటి మనిషితో మాట్లాడటం లేదు, నీకు కథ వినిపిస్తున్నారు. వెంటనే ఒకరి చేతికి ఏదో పని ఇవ్వు, లేదా 'బస్సు కదులుతోంది' అని కేకెయ్యి. ఇద్దరూ జోకులు వేసుకోవడం మొదలైనా అంతే, భయపడుతున్నారని.

సిరొంచ నాటకం · మంగళవారం, రాత్రి 10:50

మొదట ప్రశ్న తప్పుగా అర్థం చేసుకున్నాను, క్షమించాలి. కానీ చదువుతుంటే మా కష్టం ఒకటి గుర్తుకొచ్చింది. ప్రాంప్టర్‌కి అలవాటు పడ్డ నటుల చెవి ఎప్పుడూ తెర వెనకే ఉంటుంది. ఎదుటివాడు ఏమన్నా వినరు. మీ మాస్టారికి కూడా అదే ఉందేమో. ఆయన గొంతు తగ్గించడానికి ఏం చేస్తున్నారు? మా వాళ్లకి 'మెల్లిగా' అంటే గొంతు తగ్గుతుంది గాని సాగదీత పోదు.

రాయగడ రంగమ్మత్త · మంగళవారం, రాత్రి 11:05

గొంతు తగ్గించమని చెప్పను. బల్ల కింద దుప్పటి చుట్టి పెడతాను. అది పక్కింటి పసిపాప, ఇప్పుడే నిద్రపోయింది, లేస్తే ఇంటిల్లిపాదికీ జాగరణ. ఇంక గొంతు ఎత్తడానికి ఆయనకే మనసొప్పదు. సాగదీత కూడా పోతుంది, పాప లేవకముందే మాట ముగించాలి కదా. కోపం వచ్చి గొంతు లేవబోయి, పాప గుర్తొచ్చి మింగేస్తాడు చూడు, ఆ మింగడమే నీకు కావలసింది. షూటింగ్‌లో దుప్పటి ఉండదు, మింగడం ఉంటుంది.

కిమిడి కెమెరా · బుధవారం, రాత్రి 10:15

బస్టాండు బ్రహ్మాండంగా వచ్చింది. మాస్టారు బ్యాగు బస్సు ఎక్కిస్తూ 'తిన్నావేటే?' అని నాలుగుసార్లు అడిగారు. నా స్క్రిప్టులో ఆ నాన్న 'భోజనం చేశావా అమ్మా' అంటాడు. నేను రాసింది ఎవరి తెలుగో నాకే అర్థం కాలేదు. అంతకంటే విచిత్రం, ఆ అమ్మాయికి కోపం వచ్చేసరికి ఒడియాలోకి వెళ్లిపోయింది. 'ఛాడొ బాపా' అంది. వాళ్లింట్లో తెలుగే మాట్లాడతారట. కోపం మాత్రం స్కూల్లో నేర్చుకున్నదట.

ఇప్పుడు చెడ్డ కబురు. ఫోను ఎత్తని రాత్రి ఆడిస్తుంటే ఆ అమ్మాయి నిజంగా ఏడ్చేసి బయటకి వెళ్లిపోయింది. వాళ్ల నాన్నగారు పోయినేడు ఆస్పత్రిలో ఉన్నప్పుడు తనకి ఫోను కలవలేదట. నాకు తెలీదు. ఆట ఆపేసి ఇంటికి పంపించాం. రేపు వస్తుందో రాదో.

జయపురం టీచరమ్మ · బుధవారం, రాత్రి 10:40

పాపం. నేను నిన్న చెప్పినదాని గురించి రాత్రంతా ఆలోచించాను. మా పిల్లల్లో ఒకమ్మాయి నాటకం అయ్యాక కూడా రెండు రోజులు మాట్లాడలేదు. అప్పుడు బాగా లీనమైందని మెచ్చుకున్నాం.

రాయగడ రంగమ్మత్త · బుధవారం, రాత్రి 11:00

ఆపి మంచి పని చేశావు. పొద్దున్నే ఫోను చెయ్యి. సినిమా గురించి కాదు, ఎలా ఉన్నావని. వస్తానంటే ఆ సంఘటనను మార్చెయ్. ఫోను వద్దు. ఉత్తరం వెనక్కి వచ్చిందనో, తాళం వేసి ఉందనో పెట్టు. నాన్న అందలేదన్నది కథకి చాలు, ఎలా అందలేదన్నది మన చేతిలో ఉంది. ఇది నేను ముందే చెప్పాల్సింది, మర్చిపోయాను: మొదటి రోజే ఒక్కొక్కరినీ విడిగా అడగాలి, ఆటలో ఏం రాకూడదో చెప్పమని. కారణం అడగకూడదు. ఆట ముగిశాక వెంటనే ఇంటికి పంపకూడదు కూడా. ముఖాలు కడుక్కుని, అసలు పేర్లతో పిలుచుకుని, టీ తాగి, తొట్టి నీళ్లు వాళ్లిద్దరే పారబోసి వెళ్లాలి.

రేపు సీన్ ఆడించు, సొంత మాటల్లోనే, కానీ రెండే రెండు సార్లు. అడ్వాన్సు పేరెత్తితే ఆట పోయినట్టే అని షరతు పెట్టు. ఫోనులో గొంతులు మాత్రం రికార్డు చెయ్యి. వీడియో తీస్తే వాళ్లు అప్పుడే షూటింగ్ చేసేస్తారు. రాత్రి కూర్చుని స్క్రిప్టు పక్కన పెట్టుకుని విను. వాళ్ల నోట చక్కగా వచ్చిన మాట ఉంటే నీ మాట కొట్టేసి అది రాసుకో. ఎక్కువ తీసుకోకు, పేజీకి ఒకటో రెండో. ఇంప్రొవైజేషన్‌లో మాటలు ఎప్పుడూ ఎక్కువే, స్క్రిప్టు ఉన్నది తగ్గించడానికే.

బరంపురం బూమ్‌మైక్ · గురువారం, ఉదయం 8:10

సౌండ్ పనివాడిగా ఒక మనవి. ఇలా ఆడించినవాళ్లు ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడతారు. వినడానికి సహజంగానే ఉంటుంది. వైడ్‌లో పరవాలేదు, ఇద్దరూ ఫ్రేములో ఉంటారు. క్లోజప్‌లో ఆమె ముఖం మీద కెమెరా ఉన్నప్పుడు మాస్టారి మాట ఆమె మాట మీద పడితే ఎడిటింగ్‌లో ఏదీ విడదీయలేను. వైడ్ తీశాక, ఎక్కడెక్కడ మాటలు ఢీకొన్నాయో రాసుకుని, క్లోజప్‌లో అక్కడ మాత్రం ఎదుటివాళ్లని పెదవులు కదిపి ఊరుకోమనండి. ఇది శుక్రవారమే అలవాటు చేయకపోతే శనివారం సెట్‌లో గొడవే.

గుణుపూర్ గుంటడు · గురువారం, ఉదయం 8:30

చూశావా అన్నా, మళ్లీ అన్నీ కొలతలే. ఇంత కట్టేస్తే ఇంక ఇంప్రొవైజేషన్ ఎందుకు? కెమెరా తిప్పి వదిలెయ్, వచ్చింది తీసుకో.

బరంపురం బూమ్‌మైక్ · గురువారం, ఉదయం 8:50

రెండు కెమెరాలు, ఇద్దరికీ విడివిడి కాలర్ మైకులు ఉంటే నీ మాట నిజమే తమ్ముడూ. ఒక కెమెరాతో అయితే రెండో కోణం తీసేసరికి 'వచ్చింది' మళ్లీ రాదు.

కిమిడి కెమెరా · శుక్రవారం, రాత్రి 11:30

ఆ అమ్మాయి వచ్చింది. తానే అడిగి మరీ ఆ సంఘటన మార్చిన రూపంలో ఆడింది.

నిన్న సొంత మాటల్లో సీన్ రెండుసార్లు చేశారు. మొదటిది నాలుగు నిమిషాలు, రెండోది పదకొండు. రెండోది పనికిరాలేదు, మొదటిదాన్ని మళ్లీ తేవాలని చూశారు. రికార్డింగ్ నుంచి మూడు మాటలు తీసుకున్నాను. 'తిన్నావేటే?' అందులో ఒకటి. సీన్ మొత్తంలో ఇప్పుడది మూడుసార్లు వస్తుంది, మూడోసారి ఆమె జవాబు చెప్పదు.

దుప్పటి పాప పని చేసింది. అయితే స్క్రిప్టు డైలాగులతో చేసేసరికి మాస్టారు సగం పాత దారికి వెళ్లిపోయారు. అప్పుడు నేనే ఒకటి చేసి చూశాను. మాటలు అవే ఉంచి, ఉద్దేశం మార్చమన్నాను. ఒకసారి ప్రతి డైలాగూ ఆమెని చీకటి పడకముందే బస్సు ఎక్కించడానికి, ఇంకోసారి ఇంకో పూట ఉండమని చెప్పడానికి. రెండోదాంట్లో 'వెళ్లు, బస్సు పోతుంది' అన్న మాట వింటే నాకు గొంతు పట్టేసింది. మాస్టారు మాత్రం 'మొదటిదే బాగుంది బావూ, రెండోది నటించినట్టే లేదు' అన్నారు.

ఇవాళ పూర్తి బలంతో చేయనివ్వలేదు. పొజిషన్లు, చేతి పని మాత్రం. ఏ మాట మీద ట్యూబు నీళ్లలో మునగాలి, ఏ మాటకి ఉప్పుకాగితం పట్టాలి అని గట్టిగా కట్టాం. పాత ట్యూబులు ఎనిమిది తెచ్చాం. మూడు చిల్లుతో, మూడు రుద్దినవి, రెండు ప్యాచ్ వేసినవి. లేకపోతే మూడో టేక్‌కి చిల్లే మిగలదు.

ఒక్కటి తేలలేదు. 'ఛాడొ బాపా' ఉంచాలా? హైదరాబాదులో చూసేవాళ్లకి అర్థం కాదు, కింద సబ్‌టైటిల్ వేస్తే ఆ కోపం చల్లారిపోతుంది.

రాయగడ రంగమ్మత్త · శుక్రవారం, రాత్రి 11:50

నాకైతే ఉంచాలనే ఉంది, సబ్‌టైటిల్ లేకుండా. అర్థం ఆమె ముఖంలో ఉంటుంది. కానీ టేక్‌లో ఆమెకి ఒడియా రాకపోతే రప్పించకు. కోపమొస్తేనే వచ్చిన మాట అది.

సిరొంచ నాటకం · శనివారం, ఉదయం 5:30

మా ఊళ్లో ఇలాంటి చోట మరాఠీ వస్తుంది. ప్రేక్షకులు నవ్వుతారు, అదొక్కటే భయం. బాగా ఆలోచించుకోండి.

బరంపురం బూమ్‌మైక్ · శనివారం, ఉదయం 6:10

అది అర్థమవుతుందా లేదా తర్వాత. ముందు ప్లాస్టిక్ తొట్టి మార్చి, అడుగున తడి గుడ్డ వేయండి. ట్యూబు ముంచినప్పుడల్లా డప్పు కొట్టినట్టు మోగుతుంది, సరిగ్గా ఆమె మాట మీద.